ఒకే షాట్‌లో తీయాలా, చకచకా కట్ చేయాలా: ఖరీదైన వస్తువుకీ చవక వస్తువుకీ యాడ్ స్క్రిప్ట్

యాడ్ స్క్రిప్ట్‌లు రాసేవాళ్ల దగ్గర ఒక లెక్క ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. వస్తువు ఖరీదైనదా, అయితే కెమెరా నెమ్మదిగా కదలాలి, మధ్యలో కట్ ఉండకూడదు. చవకదా, అయితే సెకనుకో షాట్ మారాలి, మ్యూజిక్ హోరెత్తాలి. చాలాసార్లు ఈ లెక్క సరిపోతుంది కూడా. సరిపోని చోట మాత్రం యాడ్ మొత్తం వృథా అవుతుంది. ధరను చూసి షాట్‌ను ఎంచుకోవడం వల్ల వచ్చే ఇబ్బంది ఇది. నేను ముందు చూసేది ధర కాదు, కొనబోయే మనిషి మనసులో ఉన్న అనుమానం. ఆ అనుమానం ఏమిటో ఒక్క వాక్యంలో రాసుకున్నాక షాట్ సంగతి దాదాపు తేలిపోతుంది.

కట్ పడినప్పుడు అసలేం జరుగుతుందో చూద్దాం. ఒక సూట్‌కేసు మెట్ల మీద నుంచి కింద పడుతుంది. కట్. క్లోజప్‌లో సూట్‌కేసు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. చూసేవాళ్లు ఎవరూ పైకి అనకపోవచ్చు గానీ, పడింది ఒకటి, చూపించింది ఇంకొకటి అయి ఉండొచ్చని అందరికీ తెలుసు. అదే సూట్‌కేసు పడుతూ ఉండగా కెమెరా దాని వెంటే దిగి, కింద ఆగిన చోట ఆగి, ఒక చెయ్యి వచ్చి దాన్ని లేపి లాక్కుని వెళ్లేదాకా కట్ లేకుండా చూపిస్తే, "గట్టిది" అని వాయిస్ ఓవర్‌లో చెప్పాల్సిన పనే ఉండదు. అంటే కట్ మనకు సమయాన్ని మిగిల్చి నమ్మకాన్ని కొంత తీసుకుంటుంది. ఒకే షాట్ నమ్మకాన్ని ఇచ్చి సమయాన్ని తినేస్తుంది.

2013లో వోల్వో ట్రక్స్ వాళ్ల యాడ్ చాలామంది చూసే ఉంటారు. రెండు ట్రక్కులు పక్కపక్కనే రివర్స్‌లో వెళుతుంటాయి. నటుడు జాన్ క్లాడ్ వాన్ డామ్ ఒక కాలు ఒక ట్రక్కు అద్దం మీద, రెండో కాలు రెండో ట్రక్కు అద్దం మీద పెట్టి నిలబడితే, ట్రక్కులు మెల్లగా దూరం జరుగుతాయి. ఆ యాడ్ చెప్పదలచుకున్నది ఒకే ఒక్క సంగతి, స్టీరింగ్ ఎంత నిలకడగా ఉంటుందో. మధ్యలో ఒక్క కట్ పడినా ఆ మాట గాలికి పోయేది. అక్కడ ఒకే షాట్ అందం కోసం పెట్టింది కాదు, అదే సాక్ష్యం.

ఇక వేగంగా కట్ చేయడం వల్ల వచ్చే లాభం సంఖ్య. సెకనుకు 25 ఫ్రేములు అనుకుంటే 30 సెకన్ల యాడ్‌లో 750 ఫ్రేములు ఉంటాయి. వాటన్నిటినీ ఒకే సంగతికి ఇవ్వొచ్చు, లేదా ఇరవై సంగతులకు పంచొచ్చు. ఒక వస్తువు ఎన్ని రకాల మనుషులకు, ఎన్ని సందర్భాల్లో పనికొస్తుందో చెప్పాలంటే పంచక తప్పదు. ఎక్కువమంది కొనే చవక వస్తువుకు ఈ అవసరం ఎక్కువ కాబట్టే చవక అంటే కట్‌లు అనే అలవాటు వచ్చింది. అలవాటు వెనక ఉన్న ఈ కారణాన్ని మర్చిపోయి అలవాటును మాత్రం పట్టుకుంటే ఏమవుతుందో నా అనుభవంలో చూశాను.

రెండు బ్యాగులు, రెండు స్క్రిప్ట్‌లు

ఒకే కంపెనీ రెండు ట్రాలీ బ్యాగులకు యాడ్‌లు అడిగింది. ఒకటి అల్యూమినియం బాడీతో ఉన్న ఖరీదైనది, ఇంకోటి అందరూ కొనగలిగే ప్లాస్టిక్‌ది. రెండింటికీ 30 సెకన్లే.

ఖరీదైన బ్యాగు మీద జనానికి ఉన్న అనుమానం ఇది: "చూడ్డానికి అన్ని బ్యాగుల్లాగే ఉంది కదా, దీనికి ఇంత ఎందుకు?" దానికి జవాబుగా కంపెనీ పన్నెండు గుణాల జాబితా ఇచ్చింది. అందులో నేను ఒక్కటే తీసుకున్నాను, చక్రాలు చప్పుడు చేయవు. నిజంగానే చేయవు, గచ్చు మీద లాగి చూశాను.

స్క్రిప్ట్ ఇలా వచ్చింది. రాత్రి, హోటల్ కారిడార్. లిఫ్ట్ తలుపు తెరుచుకుంటుంది. భుజం మీద నిద్రపోతున్న పాపను మోస్తూ ఒక తండ్రి బయటికి వస్తాడు, రెండో చేత్తో బ్యాగు లాగుతున్నాడు. మ్యూజిక్ లేదు. ముందు కార్పెట్. ఏడో సెకనులో కార్పెట్ అయిపోయి టైల్స్ మొదలవుతాయి. తండ్రి ఒక్క క్షణం పాప ముఖం వైపు చూస్తాడు. పాప కదలదు. పద్నాలుగో సెకనులో రాతి గడప వస్తుంది, చక్రాలు దాన్ని దాటతాయి, పాప వేళ్లు అతని కాలర్‌ను కొంచెం గట్టిగా పట్టుకుని మళ్లీ వదులవుతాయి. ఇరవయ్యో సెకనుకు గది తలుపు. అతను హ్యాండిల్ వదిలేసి జేబులో కార్డు వెతుక్కుంటాడు, బ్యాగు కదలకుండా నిలబడుతుంది. తలుపు లాక్ "క్లిక్" మంటుంది. పాప కళ్లు తెరుస్తుంది. మొత్తం యాడ్‌లో మనం విన్న మొదటి చప్పుడు అదే. తర్వాత పేరు, ఒక్క వాక్యం.

దీన్ని కట్ చేస్తే చెల్లదు. చూసేవాళ్లు నమ్మాల్సింది నిశ్శబ్దాన్ని, ప్రతి కట్ దగ్గరా శబ్దం మారినట్టే ఉంటుంది. పైన మ్యూజిక్ వేస్తే ఇంకా అన్యాయం, చక్రాల చప్పుడును కప్పడానికే వేశారని అనిపిస్తుంది. అందుకే ఇక్కడ ఒకే షాట్. బ్యాగు ఖరీదైనది కావడం ఒక్కటే కారణమైతే నాలుగైదు పొడుగు షాట్లతోనైనా సరిపెట్టేవాణ్ని.

ఒకే షాట్ రాసేటప్పుడు కాగితం మీద కనిపించని ఒక విషయం ఉంటుంది, దూరం. పాపను ఎత్తుకున్న మనిషి మెల్లగా నడిస్తే సెకనుకు సుమారు ఒక మీటరు. లిఫ్ట్ నుంచి తలుపు దాకా ఇరవై సెకన్లు అని రాశానంటే ఇరవై మీటర్ల కారిడార్ అడిగినట్టే. అందులో కార్పెట్, టైల్స్, గడప, మూడూ నేను రాసిన చోటే ఉండాలి. కెమెరా వెనక్కి నడవడానికి, లైట్లు ఫ్రేములోకి రాకుండా దాచడానికి చోటు కావాలి. "అతను నడుచుకుంటూ వస్తాడు" అని రాయడానికి ఒక్క క్షణం చాలు, షూటింగ్ రోజున ఆ వాక్యమే సగం రోజు తినేస్తుంది. అందుకే పొడుగు షాట్ స్క్రిప్ట్‌లో నేను సెకన్ల పక్కనే మీటర్లు కూడా వేస్తాను.

రెండో ప్రమాదం ఖాళీ నడక. కట్ లేదు కాబట్టి చూసేవాళ్లకు కొత్తగా ఏదో ఒకటి షాట్ లోపలి నుంచే రావాలి. పై స్క్రిప్ట్‌లో నేల మూడుసార్లు మారేది అందుకే. ఐదారు సెకన్లకు మించి ఏమీ మారకుండా ఉంటే మనుషులు చూపు తిప్పేస్తారు, షాట్ ఎంత అందంగా ఉన్నా సరే. మారడం అంటే పెద్ద సంఘటన అక్కర్లేదు, పాప వేళ్లు బిగుసుకోవడం చాలు. కానీ అది ఎన్నో సెకనులో జరుగుతుందో రాసి ఉండాలి.

ఇప్పుడు చవక బ్యాగు. ఇక్కడ నేను తప్పు చేశాను. కాలేజీ పిల్లలు, సేల్స్ ఉద్యోగులు, పిల్లలతో ప్రయాణం చేసే కుటుంబం, అందరికీ పనికొచ్చే బ్యాగు కదా అని 22 షాట్లతో స్క్రిప్ట్ రాశాను. రంగులు, సైజులు, నవ్వే ముఖాలు, చివర ధర. క్లయింట్‌కి తెగ నచ్చింది. తీశాం. విడుదలకు ముందు కొంతమందికి చూపిస్తే ధర గుర్తుంది, రంగులు గుర్తున్నాయి, కానీ దాదాపు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే: "రెండు ప్రయాణాలకే చక్రం ఊడిపోదు కదా?"

చవక వస్తువు మీద అనుమానం అక్కడే ఉంటుంది. "దీనితో నాకేం పని?" అని ఎవరూ అడగట్లేదు, బ్యాగు ఎందుకో అందరికీ తెలుసు. ఎన్నాళ్లు ఉంటుందన్నదే వాళ్ల దిగులు. నా 22 కట్‌లు ఆ దిగులును తీర్చకపోగా పెంచాయి. ఒక్క షాట్‌లోనూ బ్యాగును నిదానంగా చూడనివ్వకపోవడంతో, దాచడానికి ఏదో ఉందన్నట్టు కనిపించింది.

రెండోసారి ఇలా మార్చాను. మొదటి 5 సెకన్లలో ఐదు చిన్న షాట్లు, ఐదుగురు మనుషులు, ఐదు రంగుల బ్యాగులు. తర్వాత 12 సెకన్లు ఒకే షాట్: హాస్టల్ మెట్ల మీద ఒక అబ్బాయి బట్టలు కుక్కిన బ్యాగును మెట్టు మెట్టుకూ టకటకా కొట్టుకునేలా లాక్కుంటూ దిగుతాడు, ఆఖరి మలుపు దగ్గర చేయి జారి అది దొర్లుకుంటూ కింద పడుతుంది, అతను పరిగెత్తుకొచ్చి దాన్ని నిలబెట్టి, లాక్కుంటూ గేటు వైపు వెళ్లిపోతాడు. తర్వాత 8 సెకన్లలో ఎనిమిది షాట్లు, సైజులు, లోపలి అరలు, జిప్పు. ఆఖరి 5 సెకన్లు బ్యాగు, పేరు, ధర, ఏదీ కదలకుండా. ఈసారి చూసినవాళ్లు చక్రం గురించి అడగలేదు, ఏ రంగులు ఉన్నాయని అడిగారు.

అంటే ఈ రెండు బ్యాగుల్లో కట్ లేని సాక్ష్యం ఎక్కువ అవసరమైంది చవకదానికే. ఖరీదైనదానికి పేరు కొంత నమ్మకాన్ని ముందే తెచ్చిపెడుతుంది. చవకదానికి ఆ అప్పు దొరకదు, అక్కడికక్కడే చూపించాలి.

సాక్ష్యం షాట్‌లో దొంగ కట్ వద్దు

పొడుగు షాట్లను చాటుగా అతికించడం మామూలే. కెమెరా స్తంభం వెనక నుంచి వెళ్లినప్పుడో, గిర్రున తిరిగి దృశ్యం అలుక్కుపోయినప్పుడో రెండు టేకులను కలిపేస్తారు. 2003లో హోండా కారు విడిభాగాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వెళ్లే రెండు నిమిషాల యాడ్ కూడా నిజానికి ఒక్కొక్కటి నిమిషం ఉన్న రెండు షాట్ల కలయికే. కథ కోసం, అందం కోసం చేస్తే అందులో తప్పేం లేదు.

మెట్ల మీద బ్యాగు పడే షాట్ వేరు. అక్కడ కట్ లేకపోవడమే మన వాగ్దానం. ఆ మధ్యలో పగిలిన బ్యాగు తీసేసి కొత్తది పెట్టి అతికిస్తే అది మోసం. ఇది కేవలం నీతి సంగతి కూడా కాదు. ఇసుక కాగితాన్ని సైతం నున్నగా గీసేస్తుందని చూపించిన ఒక షేవింగ్ క్రీమ్ యాడ్‌లో నిజానికి వాడింది పారదర్శకమైన ప్లాస్టిక్ పలక మీద చల్లిన ఇసుక. 1965లో అమెరికా సుప్రీంకోర్టు, చూసేవాళ్లకు చెప్పకుండా అలా నకిలీ వస్తువుతో రుజువు చూపించడం వంచనే అని తీర్పు చెప్పింది. ప్రతి టేక్‌కీ కొత్త బ్యాగు వాడుకోవచ్చు, టేక్ లోపల మాత్రం అదే బ్యాగు ఉండాలి. పదిసార్లు పడేస్తే నాలుగుసార్లు చక్రం విరిగిందంటే మార్చాల్సింది స్క్రిప్ట్‌ను. ఆ మాట క్లయింట్‌తో ముందే అనేయడం మంచిది.

వేగంగా కట్ చేయాలనుకుంటే

అనుమానం ఏమీ లేకుండా, వస్తువు ఎన్ని చోట్ల ఇమిడిపోతుందో మాత్రమే చెప్పాల్సినప్పుడు కట్‌లే సరైనవి. కొత్త రంగులు వచ్చాయి, ధర తగ్గింది, పండుగకు ఆఫర్ ఉంది, ఇలాంటివాటికి పొడుగు షాట్ దండగ. కానీ చకచకా కట్ చేయడం తేలిక పని అనుకోవద్దు.

షాట్ మారిన ప్రతిసారీ కన్ను కొత్త ఫ్రేములో ముఖ్యమైనది ఎక్కడుందో వెతుక్కుంటుంది. చూపు కొత్త చోటికి కదలడం మొదలుపెట్టడానికే సుమారు సెకనులో ఐదో వంతు పడుతుంది. ఒక సెకను షాట్‌లో ఐదో వంతు వెతుకులాటకే పోయినట్టు. అర సెకను షాట్‌లో దగ్గర దగ్గర సగం పోతుంది. ఎడమ మూల బ్యాగు, తర్వాతి షాట్‌లో కుడి మూల బ్యాగు, ఆ తర్వాత మధ్యలో, ఇలా తీస్తే చూసేవాళ్లు ఎనిమిది షాట్లు చూస్తారు గానీ బ్యాగును చూడరు. అందుకే నా షాట్ లిస్టులో ప్రతి షాట్ ఎదురుగా బ్యాగు ఫ్రేములో ఎక్కడుంటుందో రాస్తాను. వరుసగా వచ్చే షాట్లలో అదే చోట ఉంచితే, మనుషులు, చోట్లు మారిపోతూ బ్యాగు మాత్రం నిలిచి ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక సెకను షాట్లు హాయిగా చూడగలిగేది అప్పుడే.

ఒక షాట్‌కు ఒకే పని. "అమ్మాయి జిప్పు తీసి, పుస్తకం పెట్టి, నవ్వుతుంది" అనేది ఒక సెకనులో పట్టదు, అది మూడు షాట్లు. మ్యూజిక్‌ను కూడా ముందే అనుకోవాలి. నిమిషానికి 120 బీట్ల పాట తీసుకుంటే 30 సెకన్లలో 60 బీట్లు వస్తాయి, రెండు బీట్లకో కట్ అంటే సరిగ్గా సెకనుకో షాట్. ఇది తెలిసి రాస్తే ఎడిటింగ్‌లో కొట్టుకోవాల్సిన పని ఉండదు. ధర కనిపించే ఫ్రేమును మాత్రం ఈ వేగంలో కలపకూడదు. దాన్ని పైకి రెండుసార్లు చదవగలిగినంత సేపు కదలకుండా ఉంచాలి.

సరిగ్గా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి నేను చేసేది ఒకటే. ఎడిట్ అయిన యాడ్‌ను శబ్దం తీసేసి ఫోన్‌లో పెట్టి, ఎక్కడ పడితే అక్కడ ఐదుసార్లు ఆపుతాను. ఆగిన ఐదు ఫ్రేముల్లో కనీసం నాలుగింట్లో ఏ వస్తువు యాడో కొత్తవాళ్లకు తెలియాలి. తెలియకపోతే అందులో కట్‌లు ఉన్నాయి గానీ యాడ్ లేదు.

ఒకే షాట్ అంటే నెమ్మదే అనుకునేవాళ్లు 2010 నాటి ఓల్డ్ స్పైస్ యాడ్ ఒకసారి చూడాలి. అది రోజువారీ వాడే బాడీ వాష్. నటుడు కెమెరా వైపు చూస్తూ ఆగకుండా మాట్లాడుతూనే ఉంటాడు, స్నానాలగది కాస్తా పడవ అవుతుంది, పడవ నుంచి గుర్రం మీదికి వచ్చేస్తాడు. ఎక్కడా కట్ కనబడదు, అయినా గాలి పీల్చుకునే సందు ఇవ్వదు. వేగం మాటల్లో నుంచి, వెనక మారిపోయే సెట్‌లో నుంచి వచ్చింది. ఖరీదైన వస్తువుకూ ఇదే తిరగేసి వర్తిస్తుంది. గడియారం లోపలి పనితనం చూపించాలంటే దగ్గరి షాట్లు కావాలి, కట్‌లు కావాలి. ఒక్కొక్కటి మూడు నాలుగు సెకన్లు నిలిస్తే చాలు, ఎవరికీ చవకగా అనిపించదు.

చిన్న వెర్షన్ల గొడవ

30 సెకన్ల స్క్రిప్ట్ ఒప్పుకున్నాక క్లయింట్ 15 సెకన్లది, 6 సెకన్లది కూడా అడుగుతారు. కట్‌లున్న యాడ్‌ను ఎడిటర్ గంటలో చిన్నది చేసి ఇస్తాడు. పొడుగు షాట్‌ను ఎక్కడ కోసినా చచ్చిపోతుంది. కారిడార్ యాడ్‌లో పాప కళ్లు తెరిచే ఆఖరి క్షణం లేకపోతే ముందున్నదానికి అర్థమే లేదు. అందుకని అదే రోజు, అదే చోట తీయాల్సిన చిన్న షాట్‌ను స్క్రిప్ట్‌లోనే విడిగా రాసి పెట్టుకోవాలి. నేను రాసింది ఇది: చక్రం గడప మీదుగా దాటుతుంది, పైన పాప ముఖం నిద్రలోనే ఉంటుంది, పేరు. ఆరు సెకన్లు.

యూట్యూబ్‌లో స్కిప్ బటన్ ఐదో సెకనులో వస్తుంది. పద్నాలుగో సెకనులో గడప పెట్టుకున్న స్క్రిప్ట్‌కు ఇది పెద్ద దెబ్బ. అందుకే లిఫ్ట్ తలుపు తెరుచుకోవడాన్ని రెండు సెకన్లకు కుదించి, మూడో సెకనుకే పాప నిద్రపోతున్న ముఖం, బ్యాగు రెండూ ఒకే ఫ్రేములో పడేలా మార్చాను. పాప లేస్తుందా అన్న ప్రశ్న ఐదో సెకను లోపే మొదలైతే ఆగి చూసేవాళ్లు ఆగుతారు. బ్యాగు మూడో సెకనులో కనబడింది కాబట్టి స్కిప్ చేసినవాళ్లకు కూడా ఏమి చూశారో తెలుస్తుంది.

ఇంకా తేల్చుకోలేకపోతే స్క్రిప్ట్‌ను ఆఫీసులోనే ఫోన్‌తో తీసి చూడండి. కారిడార్ యాడ్‌ను మేము అలాగే తీశాం, పాప బదులు చుట్టిన దుప్పటి, గడప బదులు నేలకు అంటించిన కర్ర. స్క్రిప్ట్ మొదటిసారి తీసినప్పుడు టైల్స్ నుంచి గడప దాకా తొమ్మిది సెకన్లు ఉండేది. చూస్తున్న నలుగురిలో ఇద్దరు ఆరో సెకనుకే పక్కకు చూశారు. రెండు మీటర్లు తగ్గించి ఏడుకు తెచ్చి, మధ్యలో తండ్రి పాప వైపు చూసే చూపు చేర్చాం. మళ్లీ తీసి చూపిస్తే నలుగురూ దుప్పటి వైపే చూస్తూ ఉన్నారు.